4కే, ఫుల్ హెచ్‌డీ క్లిప్పులు కలిసి వస్తే టైమ్‌లైన్ ఏ సైజులో పెట్టుకోవాలి?

వైజాగ్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లలో ఎవరిని అడిగినా, ఫుటేజ్ అంతా ఒకే సైజులో వచ్చిందని చెప్పేవాళ్లు తక్కువ. క్యాండిడ్ తీసే కుర్రాడి కెమెరా 4కేలో ఉంటుంది. మండపానికి ఎదురుగా స్టాండ్ మీద పెట్టి ముహూర్తం మొత్తం ఆపకుండా తీసే పాత కెమెరా ఫుల్ హెచ్‌డీలో ఉంటుంది. స్లో మోషన్ అనేసరికి ఆ 4కే కెమెరా కూడా ఫుల్ హెచ్‌డీకి దిగిపోతుంది, ఎందుకంటే మధ్యరకం కెమెరాలు చాలావాటిలో సెకనుకి 100, 120 ఫ్రేములు ఆ సైజులోనే వస్తాయి. ఇవన్నీ కలిసి ఒకే హార్డ్ డిస్క్‌లో మన టేబుల్ మీదకి వస్తాయి. టైమ్‌లైన్ 3840×2160 పెట్టాలా, 1920×1080 పెట్టాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువ క్లిప్పులు ఏ సైజులో ఉన్నాయో లెక్కపెట్టి తేల్చే విషయం కాదిది. ఈ వీడియోని ఎక్కడ చూస్తారు, ఎడిటింగ్‌లో మనకి జూమ్ అవసరం పడుతుందా అన్న రెండూ ముందు చూడాలి. ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూసే మూడు గంటల పెళ్లి వీడియోకి ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్ సరైనది. యూట్యూబ్‌లో పెట్టే అయిదు నిమిషాల హైలైట్స్‌కి, అందులో సగం దాకా ఫుల్ హెచ్‌డీ షాట్లున్నా, 4కే టైమ్‌లైనే మేలు. రెండూ ఒకే ప్రాజెక్టులో రెండు టైమ్‌లైన్లుగా ఉండొచ్చు. ప్రాజెక్టుకంతటికీ ఒకే సైజు ఉండాలని ఎక్కడా లేదు.

లెక్క ఎలా పనిచేస్తుంది

టీవీల మీదా కెమెరాల మీదా 4కే అని రాసి ఉండేది ఎక్కువగా 3840×2160. ఫుల్ హెచ్‌డీకి అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు, మొత్తం పిక్సెల్స్‌లో సరిగ్గా నాలుగింతలు. (కొన్ని కెమెరాలలో 4096×2160 అని ఇంకొక సైజు ఉంటుంది. అది కాస్త వెడల్పు ఎక్కువ కాబట్టి పైనా కిందా సన్నని నల్లగీతలు వస్తాయి. షూటింగ్‌కి ముందే ఆ సెట్టింగ్ మార్చమని చెప్పడం మంచిది.)

ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్ మీద 4కే క్లిప్ వేస్తే నాలుగు పిక్సెల్స్ కలిసి ఒకటవుతాయి. మనం పోగొట్టుకున్నది కనిపిస్తూనే ఉంది కానీ, వచ్చే లాభం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మామూలు కెమెరాలు రికార్డు చేసేటప్పుడు వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కీ రాస్తాయి కానీ, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక్కటే రాస్తాయి. సెట్టింగుల్లో 4:2:0 అని కనిపించేది ఇదే. అంటే 4కే ఫైల్లో కూడా రంగు ఉన్నది 1920×1080 సైజులోనే. దాన్ని ఫుల్ హెచ్‌డీకి దించినప్పుడు ప్రతి పిక్సెల్‌కీ తనదైన రంగు దొరుకుతుంది. ఎర్ర పట్టుచీర అంచు దగ్గర, జరీ పక్కన, రంగు పాకినట్టు కనిపించకుండా గీత గీసినట్టు తేరుకుంటుంది. రాత్రి ముహూర్తాల్లో ఐఎస్‌ఓ పెంచి తీసిన షాట్లలో గరుకు కూడా తగ్గుతుంది. అందుకే 4కేలో తీసి దించిన ఫుల్ హెచ్‌డీ, నేరుగా ఫుల్ హెచ్‌డీలో తీసినదానికన్నా చాలాసార్లు బాగుంటుంది.

ఇక తిరగేసి చూస్తే, 4కే టైమ్‌లైన్ మీద ఫుల్ హెచ్‌డీ క్లిప్ వేసినప్పుడు ప్రతి పిక్సెల్ నాలుగవ్వాలి. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెల్స్ చూసి ఊహించి నింపుతుంది. బొమ్మ పాడవదు, మెత్తబడుతుంది. మెత్తగా ఉండటం ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. పక్కనే పదునైన 4కే షాట్ ఉండి, కట్ పడ్డ ప్రతిసారీ బొమ్మ మెత్తబడుతూ పదునెక్కుతూ ఉంటే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా కంటికి ఏదో తేడా కొడుతుంది. మూడు గంటల వీడియోలో ఈ మార్పు కొన్ని వందల సార్లు వస్తుంది.

పూర్తి పెళ్లి వీడియో: ఫుల్ హెచ్‌డీ

ఒక మామూలు పెళ్లి తీసుకుందాం. సీతమ్మధారలో ఒక ఫంక్షన్ హాలు, రాత్రి పదకొండు దాటాక ముహూర్తం. స్టాండ్ మీద ఫుల్ హెచ్‌డీ కెమెరా ఒకటి, పెళ్లికూతురి వైపు 4కే కెమెరా ఒకటి. జీలకర్ర బెల్లం వేళకి మండపం చుట్టూ మేనమామలు, పిన్నులు, వాళ్ల వెనక ఫోన్లు పట్టుకున్న పిల్లలు చేరతారు. 4కే కెమెరా పట్టుకున్నవాడికి అడుగు కదిలే చోటుండదు. ఉన్నచోటే నిలబడి, ఇద్దరూ, పురోహితుడూ, కాస్త మండపం స్తంభం కూడా వచ్చేలా వెడల్పు ఫ్రేమ్ పెట్టుకుని అలాగే తీస్తాడు.

ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో ఈ ఒక్క షాట్ మనకి మూడు షాట్లవుతుంది. మొత్తం ఫ్రేమ్ ఒకటి, ఇద్దరి ముఖాల దాకా జూమ్ చేసింది ఇంకొకటి, తెర తీసిన క్షణంలో పెళ్లికూతురి ముఖం మాత్రమే వచ్చేలా రెండింతలు జూమ్ చేసింది మరొకటి. రెండింతలు జూమ్ చేసినా కెమెరా రాసిన పిక్సెల్సే తెర మీద ఒకటికొకటి కూర్చుంటాయి, కొత్తగా ఊహించాల్సిందేమీ ఉండదు. అయితే నేను 160 శాతం దగ్గరే ఆగడానికి ఇష్టపడతాను. ఆ పైన ఫోకస్‌లో ఉన్న చిన్న లోపం, చేతి వణుకు, రాత్రి వెలుతురు గరుకు కూడా అన్నీ పెద్దవై కనిపిస్తాయి. ఫుల్ హెచ్‌డీ కెమెరా షాట్‌ని మాత్రం ఇదే టైమ్‌లైన్‌లో 110 శాతం దాటించకండి. అది ఫ్రేమ్ కాస్త సరిచేసుకోవడానికి సరిపోతుంది.

అదే పెళ్లికి 4కే టైమ్‌లైన్ పెట్టి ఉంటే ఈ జూములు ఏవీ దక్కవు. 4కే షాట్‌కి చోటు సరిగ్గా సరిపోయింది కాబట్టి ఎంత జూమ్ చేసినా అంతా మెత్తబడటమే. ఫుల్ హెచ్‌డీ షాట్ అప్పటికే రెండింతలు సాగి ఉంది. స్టెబిలైజేషన్ వేసినా అంతే. అది అంచులు కోసి బొమ్మని పెద్దది చేస్తుంది కాబట్టి ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో ఆ కోత మనకి కనిపించదు, 4కే టైమ్‌లైన్‌లో కనిపిస్తుంది. నన్నడిగితే ఫుల్ హెచ్‌డీ వైపు మొగ్గడానికి ఇదొక్కటి చాలు.

ఫైల్ సైజు కూడా లెక్క వేసి చూడండి. మూడు గంటల వీడియోని ఫుల్ హెచ్‌డీలో 20 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో తీస్తే దాదాపు 27 జీబీ. 4కేలో 50 ఎంబీపీఎస్ పెడితే 67 జీబీ దాటుతుంది, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టదు. పెళ్లివారు ఆ పెన్‌డ్రైవ్‌ని విజయనగరంలో పెద్దమ్మ ఇంటికీ, శ్రీకాకుళంలో అత్తగారింటికీ పంపుతారు. అక్కడి టీవీ పాతదైతే 4కే ఫైల్ అసలు ఆడదు, లేదా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఫుల్ హెచ్‌డీ హెచ్.264 ఫైల్ దాదాపు అన్నింటిలోనూ ఆడుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదన్నది గుర్తుంచుకోండి. 20 ఎంబీపీఎస్ దగ్గర అది 27, 28 నిమిషాల వీడియో. పాత టీవీ కోసం అయితే ముక్కలుగా ఇవ్వండి, కొత్త టీవీ అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో ఒకటే ఫైల్ ఇవ్వొచ్చు.

“మాది 4కే టీవీ అండీ, 4కేలోనే ఇవ్వండి” అని అడిగేవాళ్లుంటారు. 43 అంగుళాల టీవీని ఆరడుగులు దాటిన దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీ పిక్సెల్స్‌ని మామూలు చూపు విడదీయలేదు. మన హాళ్లలో సోఫా అంతకన్నా దూరంలోనే ఉంటుంది. రిసెప్షన్‌లో పెట్టే ఎల్‌ఈడీ వాల్ సంగతి ఇంకా సులువు. పన్నెండడుగుల వెడల్పు ఉండి, లైట్ల మధ్య దూరం 3 మిల్లీమీటర్లయితే అడ్డంగా ఉండేవి దాదాపు 1,200 చుక్కలే. ఫుల్ హెచ్‌డీయే దానికి ఎక్కువ.

యూట్యూబ్ హైలైట్స్: 4కే

ఇక్కడ లెక్క మారుతుంది, దానికి కారణం యూట్యూబ్ వీడియోని మళ్లీ కుదించే తీరు. చిన్న ఛానెళ్లలో ఫుల్ హెచ్‌డీలో ఎక్కించిన వీడియోకి సాధారణంగా పాత హెచ్.264 కోడెక్, తక్కువ బిట్‌రేట్ దక్కుతాయి. 4కేలో ఎక్కిస్తే వీపీ9 లేదా ఏవీ1 కోడెక్ దక్కుతుంది. చూసేవాళ్లు ఫోన్‌లో 1080పీ పెట్టుకుని చూసినా తేడా తెలుస్తుంది. మీ పాత వీడియో ఒకటి కంప్యూటర్‌లో తెరిచి, దాని మీద రైట్ క్లిక్ చేసి `Stats for nerds` నొక్కండి. `Codecs` అన్న వరుసలో `avc1` అని ఉంటే హెచ్.264, `vp09` అని ఉంటే వీపీ9.

మన ఊరి వీడియోలకి ఇది మరీ ముఖ్యం. ప్రీవెడ్డింగ్ అంటే రుషికొండో, యారాడో, భీమిలో ఉండాల్సిందే. కుదింపుకి అన్నింటికన్నా కష్టమైనది సముద్రం. అల నురగ ఒక ఫ్రేమ్‌లో ఉన్నట్టు తర్వాతి ఫ్రేమ్‌లో ఉండదు, కాబట్టి పాత ఫ్రేమ్ నుంచి అరువు తెచ్చుకోవడానికి కోడెక్‌కి ఏమీ దొరకదు. బిట్‌రేట్ చాలక నురగంతా చదరాలు చదరాలుగా అతుక్కుపోతుంది, తడి ఇసుక మీద మెరుపు పోయి మైనం పూసినట్టవుతుంది. ముఖాలు బాగానే ఉండి అలల దగ్గర మాత్రమే ఇలా అవుతోందంటే తప్పు మీ ఎక్స్‌పోర్ట్‌ది కాకపోవచ్చు, ఎక్కువగా యూట్యూబ్ కుదింపుదే. 4కేలో ఎక్కిస్తే అది పూర్తిగా పోదు కానీ చాలావరకు తగ్గుతుంది. ఎక్కించే ఫైల్‌కి మామూలు ఫ్రేమ్ రేట్లలో ఫుల్ హెచ్‌డీకి 8 ఎంబీపీఎస్, 4కేకి 35 నుంచి 45 ఎంబీపీఎస్ ఉండాలని యూట్యూబ్ సూచిస్తుంది. నేను దానికన్నా కొంచెం ఎక్కువే పెట్టమంటాను, ఎందుకంటే అది మళ్లీ కుదించబోయే ఫైలే.

చిక్కు ఎక్కడుందంటే, హైలైట్స్‌లో అందరూ మెచ్చుకునే షాట్లు ఎక్కువగా స్లో మోషన్‌వే. తలంబ్రాలు తల మీంచి జారడం, అలల్లో చెంగు ఎగరడం. అవి ఫుల్ హెచ్‌డీలో ఉన్నాయి. అంటే 4కే టైమ్‌లైన్‌లో మెత్తబడేవి సరిగ్గా మనకి ఇష్టమైన షాట్లే. అయినా 4కే పెట్టమంటున్నాను, ఎందుకంటే ఏ షాట్ ఎంత మెత్తబడుతుందన్నది అందులో ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది. ముఖం దగ్గరగా ఉండి, వెనకంతా మసకగా ఉన్న స్లో మోషన్ షాట్‌లో సన్నని వివరమే తక్కువ. దాన్ని రెండింతలు సాగదీసినా ఎవరూ పట్టుకోలేరు. దొరికిపోయేది వెడల్పు షాట్. రుషికొండ తీరం మొత్తం, వెనక కొండ మీద చెట్లు, ముందు ఇద్దరు చిన్నగా నడుస్తున్న షాట్ ఫుల్ హెచ్‌డీలో ఉంటే చెట్ల ఆకులన్నీ ఒకే పచ్చ ముద్దగా కనిపిస్తాయి. దాని పక్కనే అదే తీరం 4కే షాట్ పెట్టారంటే తేడా బట్టబయలవుతుంది. మధ్యలో దగ్గరి షాట్ ఒకటి వేయండి, కళ్లు పోల్చుకునే అవకాశం తప్పుతుంది. ఫుల్ హెచ్‌డీ క్లిప్‌కి కొద్దిగా షార్పెన్ ఇవ్వండి కానీ, వెంట్రుకల అంచున తెల్లటి గీత కనిపించిందంటే ఎక్కువైనట్టే. 4కే షాట్ల పదునుని ఒక పిసరు తగ్గించడం కూడా పనిచేస్తుంది, నాకైతే ఆ దారే ఎక్కువ నచ్చుతుంది.

ఈ పోలిక చూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మన మానిటర్లు ఎక్కువగా ఫుల్ హెచ్‌డీవే. ఎడిటర్ విండో `Fit`లో ఉంటే 4కే టైమ్‌లైన్ అంతా కుదించుకునే కనిపిస్తుంది కాబట్టి రెండు రకాల క్లిప్పులూ ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది. వ్యూయర్‌ని 100 శాతానికి పెట్టి, కనురెప్పల మీదో, చీర జరీ మీదో, ఫంక్షన్ హాలు బోర్డు అక్షరాల మీదో ఆపి, కట్‌కి ముందూ వెనకా చూడండి. మెత్తదనం ఎంతో అప్పుడే తెలుస్తుంది.

చూసినప్పుడు సగానికి మించి షాట్లు మెత్తగా ఉన్నాయనిపిస్తే మధ్యదారి ఒకటుంది, 2560×1440. ఫుల్ హెచ్‌డీ క్లిప్ అందులో 133 శాతమే సాగుతుంది, 4కే క్లిప్‌కి ఒకటిన్నర ఇంతల జూమ్ దక్కుతుంది, యూట్యూబ్ ఈ సైజుకీ సాధారణంగా వీపీ9 ఇస్తుంది. యూట్యూబ్‌కి మాత్రమే వెళ్లే వీడియోకి ఇది మంచి ఎంపిక, ఎందుకో చాలామంది దీన్ని పట్టించుకోరు. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే వీడియోకి మాత్రం వద్దు.

సెట్టింగుల్లో ఎక్కడ తేడా కొడుతుంది

ప్రీమియర్‌లో ఖాళీ సీక్వెన్స్ మీద మొదటి క్లిప్ వేయగానే సైజు సరిపోలేదని ఒక పెట్టె వస్తుంది. చూడకుండా `Change sequence settings` నొక్కితే మనం అనుకున్నది పోయి మొదటి క్లిప్ సైజే టైమ్‌లైన్ సైజవుతుంది. `Keep existing settings` నొక్కండి.

అంతకన్నా పెద్ద తేడా ఇంకోచోట ఉంది. క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే `Scale to Frame Size`, `Set to Frame Size` అని రెండు కనిపిస్తాయి. (కొత్త వెర్షన్లలో పేర్లు కొద్దిగా మారాయి.) రెండూ 4కే క్లిప్‌ని ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌లో ఒకేలా కూర్చోబెడతాయి. కానీ మొదటిది క్లిప్‌ని ముందే ఫుల్ హెచ్‌డీకి దించేసి ఆ మీద జూమ్ చేయనిస్తుంది. పైన చెప్పిన జూమ్ లాభం మొత్తం అక్కడే పోతుంది. రెండోది స్కేల్ విలువని మాత్రమే తగ్గిస్తుంది, అసలు పిక్సెల్స్ అలాగే ఉంటాయి. ఏది పడిందో తెలుసుకోవడం సులువు. క్లిప్ ఎంచుకుని `Effect Controls`లో `Scale` చూడండి. 4కే క్లిప్ ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌ని నిండుగా నింపుతూ అక్కడ 50 ఉంటే సరిగ్గా ఉన్నట్టు, 100 దాకా పెంచుకోవచ్చు, పైన చెప్పిన 160 శాతం అంటే ఇక్కడ 80. ఫ్రేమ్ నిండి ఉన్నా 100 చూపిస్తుంటే మొదటిది పడింది, తీసేయండి.

డావిన్చీ రిజాల్వ్‌లో ఈ బాధ లేదు, జూమ్ ఎప్పుడూ అసలు క్లిప్ నుంచే తీసుకుంటుంది. ప్రాజెక్ట్ సెట్టింగుల్లో `Image Scaling` దగ్గర `Scale entire image to fit` ఉందో లేదో మాత్రం చూసుకోండి. అక్కడ `Center crop with no resizing` ఉంటే 4కే క్లిప్‌లో మధ్యభాగమే కనిపిస్తుంది, ముఖాలు సగానికి తెగిపోయి ఉంటాయి.

మధ్యలో మనసు మార్చుకుంటే టైమ్‌లైన్‌కి ముందు ఒక కాపీ తీసి, కాపీలో సైజు మార్చండి. ప్రీమియర్‌లో అయితే `Scale motion effects proportionally when changing frame size` అన్న గడిలో టిక్ పెట్టాలి, లేకపోతే ఫుల్ హెచ్‌డీ నుంచి 4కేకి మార్చినప్పుడు బొమ్మలన్నీ ఫ్రేమ్ మధ్యలో చిన్నవై కూర్చుంటాయి. టైటిల్స్, బ్లర్, షార్పెన్ విలువలు ఒక్కొక్కటీ కంటితో చూసుకోవాలి. సైజు ఇలా తర్వాతైనా మార్చుకోవచ్చు కానీ, రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ క్లిప్పులు లోపలికి తెచ్చాక మారదు. కాబట్టి మొదటి రోజు ఎక్కువ ఆలోచించాల్సింది 25నా 30నా అన్నదే.

కంప్యూటర్ స్లోగా ఉంటే

ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్ పెట్టినా 4కే క్లిప్పులు ఆగి ఆగి ఆడుతున్నాయని చాలామంది టెన్షన్ పడతారు. టైమ్‌లైన్ సైజు తగ్గిస్తే ఎఫెక్టుల బరువు తగ్గుతుంది కానీ, క్లిప్‌ని విప్పే పని తగ్గదు. ముఖ్యంగా 10 బిట్ హెచ్.265 క్లిప్‌ని ప్రతి ఫ్రేమ్‌కీ 4కేలోనే విప్పాలి. దానికి మందు ప్రాక్సీలే. 4కే క్లిప్పులకి మాత్రం 1280×720 సైజులో ప్రాక్సీలు చేసుకుని, ఫుల్ హెచ్‌డీవి అలాగే వదిలేయండి. జూమ్ చేసిన షాట్లు ప్రాక్సీలో మెత్తగా కనిపిస్తాయి, నిర్ణయం తీసుకునే ముందు ప్రాక్సీ ఆపి చూడండి. రిజాల్వ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు `Use proxy media` టిక్ లేకుండా చూసుకోండి.

రీల్స్

పెళ్లికూతురి చెల్లెలు రీల్స్ కూడా అడుగుతుంది. వాటికి 1080×1920 సైజులో మూడో టైమ్‌లైన్ పెట్టండి. 4కే క్లిప్ నుంచి నిలువు ముక్క కోస్తే 1215×2160 వస్తుంది, రీల్‌కి సరిపోయి ఇంకా కాస్త మిగులుతుంది. ఫుల్ హెచ్‌డీ క్లిప్ నుంచి కోస్తే దొరికేది 607×1080 ముక్క, దాన్ని రీల్ నిండా సాగదీస్తే 178 శాతం. కాబట్టి రీల్స్‌కి వీలైనంతవరకు 4కే క్లిప్పులే వాడండి, ఫుల్ హెచ్‌డీ స్లో మోషన్ అయితే దగ్గరి షాట్లు మాత్రమే తీసుకోండి. ఎక్స్‌పోర్ట్ అయిపోయిన ఫుల్ హెచ్‌డీ వీడియోని తెచ్చి అందులోంచి కోయొద్దు, అసలు క్లిప్పుల నుంచే కోయండి. ఫుటేజ్ సర్దుకునేటప్పుడే 4కే క్లిప్పులకి ఒక రంగు లేబుల్ వేసి ఉంచుకుంటే, మూడు టైమ్‌లైన్లలోనూ ఏ షాట్‌కి ఎంత జూమ్ ఉందో ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.